దుకాణం కంపెనీగా మారాలంటే

విజయవాడలో ఒక కిరాణా హోల్‌సేల్ దుకాణం ఉందనుకుందాం. యజమాని ఒక్కరే, బ్యాంకు అప్పు, గోడౌన్ అద్దె అన్నీ ఆయన పేరుమీదే. దాన్ని ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ చేయాలంటే బోర్డు మారిస్తే సరిపోదు. చట్టం దృష్టిలో కంపెనీ ఇంకో మనిషి లాంటిది. దానికి పాన్ వేరు, జీఎస్టీ నంబరు వేరు.

రిజిస్ట్రేషన్ సులువే. కనీసం ఇద్దరు డైరెక్టర్లు, ఇద్దరు వాటాదారులు కావాలి; భార్యాభర్తలు చాలు. SPICe+ ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. ఆ తర్వాత వ్యాపారం మొత్తాన్ని, ఆస్తులూ అప్పులూ కలిపి, కంపెనీకి అప్పగిస్తూ ఒప్పందం రాసుకోవాలి. ప్రతిఫలంగా యజమాని వాటాలు మాత్రమే తీసుకుని, కనీసం సగం ఓటు హక్కును ఐదేళ్లు నిలుపుకుంటే ఈ బదిలీపై మూలధన లాభం పన్ను పడదు. పక్కన కొంత నగదు తీసుకున్నా మినహాయింపు పోతుంది.

అసలు చిక్కు పాత ఒప్పందాలది. గోడౌన్ యజమాని, బ్యాంకు, సరుకిచ్చే డీలర్లు ఒప్పుకుని కొత్త పత్రం రాస్తేనే కంపెనీ పాత మనిషి స్థానంలోకి వస్తుంది. 1872 కాంట్రాక్టు చట్టంలోని 62వ సెక్షన్ చెప్పేది ఇదే. బ్యాంకు సమ్మతి లేకపోతే అప్పు ఆయన మెడకే ఉంటుంది.

పాత జీఎస్టీ నంబరును తొందరపడి రద్దు చేయకండి. ఖాతాలో రెండు లక్షల క్రెడిట్ ఉంటే, ముందు ITC-02 ఫారంతో, సీఏ సర్టిఫికెట్ జతచేసి కంపెనీకి మళ్లించాలి. కంపెనీ దాన్ని పోర్టల్‌లో ఆమోదించాకే రద్దుకు దరఖాస్తు పెట్టాలి.