జ్వరం తగ్గింది, అప్రైజల్ మీటింగ్‌కు సిద్ధం కాలేదు

వానాకాలం వెళ్తూ వెళ్తూ హైదరాబాద్‌లో ఇంటికో డెంగీ కేసును వదిలిపోతుంది. సంవత్సరం లెక్కలు సెప్టెంబరుతో ముగించే కంపెనీల్లో సరిగ్గా అప్పుడే అప్రైజల్ మొదలవుతుంది. ఏడాది పాటు చేసిన పని గురించి మేనేజర్‌తో ముఖాముఖి కూర్చుని చెప్పుకునే గంట అది. ఆ గంటకు ముందు వారమంతా జ్వరంతో మంచాన పడితే ఏం చేయాలి? మీటింగ్ రోజుకు ఒంట్లో బాగానే ఉండొచ్చు, ఆఫీసుకూ వచ్చేయొచ్చు. కానీ చెప్పాల్సినవి సిద్ధంగా ఉండవు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. జ్వరంతో ఉన్నప్పుడు సెలవు అడగడానికి మొహమాటపడని వాళ్లు కూడా, తగ్గాక వాయిదా అడగాలంటే సాకు చెబుతున్నామనుకుంటారేమోనని వెనకాడతారు.

అడగవచ్చు. అయితే అడిగే ముందు తెలుసుకోవాల్సిన తేదీ ఒకటి ఉంది. అది మీటింగ్ తేదీ కాదు.

ఒక మాదిరి పెద్ద కంపెనీలో అప్రైజల్ మూడు మెట్లుగా సాగుతుంది. మొదట ఉద్యోగి పోర్టల్‌లో సెల్ఫ్ అప్రైజల్ ఫారం నింపుతాడు. తర్వాత మేనేజర్‌తో మీటింగ్. ఆ తర్వాత మేనేజర్లంతా ఒకచోట కూర్చుని తమ తమ టీముల రేటింగులను పక్కపక్కన పెట్టి సరిచూసుకుంటారు. దీన్నే కాలిబ్రేషన్ అంటారు, కొన్నిచోట్ల నార్మలైజేషన్ అంటారు. పై రేటింగు ఇంతమందికే ఇవ్వాలన్న పరిమితి ఉన్న కంపెనీల్లో, ఈ మెట్టు దాటాక ఒకరి రేటింగు పెంచాలంటే ఇంకొకరిది తగ్గించాల్సి వస్తుంది. అందుకే ఆ తర్వాత ఎంత బలమైన ఆధారం తెచ్చి చూపినా మేనేజర్ చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. మీటింగ్‌ను కాలిబ్రేషన్‌కు ముందు ఏ రోజుకు జరుపుకున్నా నష్టం లేదు. అది దాటి జరిపితే మాత్రం ఆ మీటింగ్ వినడానికే తప్ప చెప్పుకోవడానికి పనికిరాదు. కాబట్టి ముందుగా మేనేజర్‌నో హెచ్ఆర్‌నో అడగాల్సిన మాట ఇది: ‘మా టీముకు కాలిబ్రేషన్ ఏ రోజు?’

ఒక ఉదాహరణ తీసుకుందాం. గచ్చిబౌలిలో పనిచేసే ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగినికి అక్టోబరు 4న డెంగీ మొదలైంది. 12 దాకా సెలవులో ఉండి 13 సోమవారం డ్యూటీలో చేరింది. సెల్ఫ్ అప్రైజల్ ఫారానికి చివరి తేదీ 15, మీటింగ్ 16 గురువారం, కాలిబ్రేషన్ 24. ఫారంలో ఐదు లక్ష్యాలుంటే, జ్వరం రాకముందు రెండింటికే రాయగలిగింది. మిగతా మూడింటికి ఏ రిలీజ్ ఎప్పుడు వెళ్లింది, క్లయింట్ మెచ్చుకున్న మెయిల్ ఎక్కడుంది, తాను ఎన్ని లోపాలు సరిచేసింది అన్నవి పాత మెయిళ్లలోంచి వెతికి తీయాలి. డెంగీ జ్వరం వారంలో తగ్గినా నీరసం కొన్ని వారాలు వదలదు. రోజుకు గంటన్నరకు మించి ఆమె ఈ పని మీద కూర్చోలేదు. పైగా తొమ్మిది రోజుల పని కుప్పగా పేరుకుని ఉంది.

ఆమె అడగాల్సింది ఒక్క వాయిదా కాదు, రెండు. మీటింగ్ మేనేజర్ చేతిలో ఉంటుంది. పోర్టల్ మాత్రం సాధారణంగా హెచ్ఆర్ చేతిలో ఉంటుంది. మీటింగ్ జరపడానికి మేనేజర్ ఒప్పుకున్నారు కదా అని ఊరుకుంటే, 15 రాత్రి ఫారం దానంతట అదే మూసుకుపోవచ్చు. కాబట్టి హెచ్ఆర్‌కు వేరే మెయిల్ పెట్టి, డాక్టరు సర్టిఫికెట్ జతచేసి, ఫారాన్ని 17 సాయంత్రం దాకా తెరిచి ఉంచమని కోరాలి. రక్తపరీక్షల రిపోర్టులు మేనేజర్‌కు పంపనక్కర్లేదు. జబ్బు పేరు, సెలవు తేదీలు చెబితే ఆయనకు చాలు.

మేనేజర్‌కు చేరిన రోజే రాయాలి. మెయిల్ ఇంగ్లిష్‌లో రాసినా విషయం ఇలా సాగితే బాగుంటుంది:

‘సర్, డెంగీ వల్ల 4 నుంచి 12 వరకు సెలవులో ఉండి ఈ రోజు చేరాను. అప్రైజల్‌కు వివరాలు సేకరించుకోవాల్సిన వారం జ్వరంతో గడిచిపోయింది. ఐదు లక్ష్యాల్లో రెండింటికి రాశాను, మూడు మిగిలాయి. గురువారం మీటింగ్‌ను 21 మంగళవారం ఉదయం 11 గంటలకు గానీ, 22 బుధవారం మధ్యాహ్నం 3 గంటలకు గానీ మార్చగలరా? 24న కాలిబ్రేషన్‌కు ముందే అయిపోతుంది. ఫారం గడువు 17 దాకా పెంచమని హెచ్ఆర్‌ను విడిగా కోరాను. పూర్తి చేసిన ఫారం ఆ సాయంత్రానికి మీకు చేరుతుంది. మార్చడం కుదరకపోతే గురువారమే వస్తాను.’

ఈ మెయిల్‌లో క్షమాపణల వరస లేదు, జబ్బు ఎంత బాధపెట్టిందన్న వర్ణనా లేదు. ఏది ఆగిపోయిందో, ఎంత మిగిలిందో, ఎప్పటికి పూర్తవుతుందో ఉంది. ‘ఒంట్లో బాగాలేదు, కొన్నాళ్లు వాయిదా వేయండి’ అని రాస్తే కొత్త తేదీ వెతికే పని మేనేజర్ మీద పడుతుంది. ఆయన కింద పది మంది ఉంటే పది మీటింగులూ ఆ వారంలోనే ఉంటాయి. రెండు సమయాలు మనమే చూపిస్తే ఒకదాన్ని ఎంచుకోవడం ఆయనకు నిమిషం పని. అవుట్‌లుక్ వాడే ఆఫీసుల్లో ఆహ్వానం మీద Propose New Time అన్న వీలు కూడా ఉంటుంది. కానీ కారణం రాయకుండా దాన్ని మాత్రమే నొక్కితే తప్పించుకుంటున్నట్టు కనిపిస్తుంది. మెయిల్ పంపాకే దాన్ని వాడాలి. మేనేజర్ కారిడార్‌లో కనిపించి ‘సరే, చూద్దాం’ అంటే పని అయిపోయినట్టు కాదు. క్యాలెండర్‌లో తేదీ మారే దాకా పాత మీటింగే ఉన్నట్టు.

ఇంకో జాగ్రత్త ఉంది. ఈ మెయిల్‌లో రేటింగు ప్రస్తావన తేకూడదు. ‘జబ్బు వల్ల ఆఖర్లో పని తగ్గింది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి’ అన్న మాట దీనిలో కలిపితే, సమయం కోసం చేసిన వినతి కాస్తా మార్కుల కోసం వేడుకోలుగా మారుతుంది. ఆ మాట చెప్పాల్సి ఉంటే చెప్పే చోటు మీటింగే.

మేనేజర్ కుదరదంటే? కాలిబ్రేషన్ 17నే ఉండి ఉంటే ఆయనకూ వేరే దారి ఉండదు. అప్పుడు ఉన్న రెండు రోజుల్లో ఐదు లక్ష్యాలనూ అరకొరగా ముట్టుకోవడం కన్నా, ఏడాదిలో బరువైన రెండు మూడు పనులను ఆధారాలతో ఒక పేజీలో రాసి మీటింగ్‌కు ముందే పంపడం మేలు. కాలిబ్రేషన్‌లో మీ తరఫున మాట్లాడేది మేనేజరే. ఆయన చేతిలో కాగితం ఉంటే ఆ పని అక్కడ ప్రస్తావనకు వస్తుంది. మిగతా వివరాలు ఫలానా తేదీకి ఇస్తానని, సెలవు వల్ల ఇప్పుడు ఇవ్వలేకపోయానని ఫారంలో ఉద్యోగి వ్యాఖ్యల గడిలో రాసిపెట్టాలి. తర్వాత రేటింగు మీద అభ్యంతరం చెప్పాల్సి వస్తే ఆ వాక్యం సాక్ష్యంగా నిలుస్తుంది.

ప్రభుత్వోద్యోగులకూ ఇలాంటి చిక్కు ఉంది, తేదీలు మాత్రం మరింత గట్టివి. కేంద్ర ప్రభుత్వంలో వార్షిక పనితీరు నివేదికకు స్వీయ మదింపును మామూలుగా ఏప్రిల్ 15లోగా ఇవ్వాలి. అది అందకపోతే, గుర్తుచేసిన తర్వాత కూడా రాకపోతే, పై అధికారి అది లేకుండానే నివేదిక రాసే వీలుంది. నివేదిక చేతికి వచ్చాక అభ్యంతరం చెప్పుకోవడానికి 15 రోజుల గడువుంటుంది. కాబట్టి జబ్బుపడిన ఉద్యోగి గడువు దాటకముందే ఆ సంగతి రాతపూర్వకంగా పై అధికారికి తెలియజేయాలి.

ఒంట్లో ఓపిక లేని రోజుల్లో ఇంత మెయిల్ రాయడమూ కష్టమే. అందుకే సెలవు పెట్టే రోజునే అందులో ఒక వాక్యం చేర్చండి: ‘16న నా అప్రైజల్ ఉంది, తయారీకి ఇబ్బంది కావచ్చు, చేరాక తేదీ గురించి రాస్తాను.’ జ్వరంతో పడుకునే ముందు ఆ ఒక్క వాక్యం పంపి ఉంటే, కోలుకున్నాక చేసే వినతిని ఎవరూ సాకు అనుకోరు.