జ్వరం మందు: చెంచా లెక్క కాదు, బరువు లెక్క

ఆరోగ్య కేంద్రంలో టీకాల రోజున పిల్లల్ని ఎత్తుకొచ్చిన బాలింతల ముందు ఫార్మసిస్టు మూడు సీసాలు పెట్టింది. మూడింట్లోనూ ఉన్నది పారాసిటమాలే.

"ఏది వేసినా ఒకటే కదా అక్కా?" అని అడిగింది ఓ తల్లి.

"మందు ఒకటేనమ్మా, ఘాటు వేరు" అంటూ సీసాల మీది చిన్న అక్షరాలు చదివి వినిపించింది. డ్రాప్స్ సీసాలో ఒక్క మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాముల మందు ఉంది. మామూలు సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు, మూడోదాంట్లో అదే 5 మిల్లీలీటర్లకు 250 ఉన్నాయి. చిన్నపిల్లలవి కాబట్టి డ్రాప్స్ పల్చగా ఉంటాయని చాలామంది అనుకుంటారు. నిజానికి మూడింట్లో ఘాటైనది అదే. చిన్న ప్రాణం కొద్ది చుక్కలే మింగగలదు కాబట్టి ఆ కొద్దిలోనే మందు ఎక్కువ పట్టేలా చేస్తారు.

మోతాదును బిడ్డ బరువును బట్టి లెక్కిస్తారు. మామూలుగా కిలోకు 15 మిల్లీగ్రాములు మించకూడదు. 8 కిలోల పాపకు ఒకసారికి 120 మిల్లీగ్రాములన్నమాట. మామూలు సిరప్ అయితే 5 మిల్లీలీటర్లు, ఘాటు సిరప్ అయితే 2.4, డ్రాప్స్ అయితే 1.2 సరిపోతాయి. "పోయినసారి 5 వేశాం కదా" అని అదే కొలతతో డ్రాప్స్ పోస్తే 500 మిల్లీగ్రాములు లోపలికి పోతాయి. అది నాలుగింతల మోతాదు. అందుకే సీసా మారినప్పుడల్లా బిడ్డ బరువు చెప్పి, ఆ సీసాతో ఎన్ని మిల్లీలీటర్లు వేయాలో డాక్టరునో ఫార్మసిస్టునో అడిగి మూత మీద రాయించుకోవాలి. సీసాను బాగా కుదిపి, దానితో వచ్చిన డ్రాపరుతోనో కొలత మూతతోనో కొలవాలి. వంటింటి చెంచాలు ఇంటికో సైజులో ఉంటాయి. పెద్దవాళ్ల బిళ్లను విరిచి ముక్క వేయడం కూడా గుడ్డి లెక్కే.

ఒకసారి వేశాక కనీసం 4 గంటలు, వీలైతే 6 గంటలు ఆగాలి. రోజుకు నాలుగుసార్లకు మించకూడదు. తల్లి వేసిన సంగతి తెలియక అమ్మమ్మ మళ్లీ వేస్తే మోతాదు రెట్టింపవుతుంది. వేసిన టైము గోడమీది క్యాలెండరులో రాస్తే ఆ గొడవ ఉండదు. చాలా జలుబు సిరప్‌లలోనూ పారాసిటమాల్ ఉంటుంది కాబట్టి రెండూ కలిపి వేయకూడదు.

మూడు నెలల్లోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే సొంతంగా మందు వేసి చూద్దామనుకోకుండా వెంటనే డాక్టరుకు చూపించాలి. టీకా వేసినప్పుడు నర్సు మందు ఇచ్చి ఉంటే ఆమె చెప్పిన కొలత దాటకూడదు.

తర్వాత ఫార్మసిస్టు ఎర్రటి బిళ్లల స్ట్రిప్పు ఒకటి పైకెత్తింది. ప్రసవం తర్వాత 180 రోజులు రోజుకొకటి వేసుకోమని ప్రభుత్వం ఇచ్చే ఐరన్ బిళ్లలవి. "ఇవి మీకు బలం. పాకే పిల్లాడికి మాత్రం చాక్లెట్లలా కనిపించే విషం" అంది. ఒక్కో బిళ్లలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. 10 కిలోల పిల్లాడు పది బిళ్లలు నమిలితే ప్రాణం మీదికి రావచ్చు. మొదట వాంతులు, విరేచనాలు అవుతాయి. ఆ తర్వాత కొన్ని గంటలు తేరుకున్నట్టు కనిపించి, ఒక్కసారిగా విషమించవచ్చు. పారాసిటమాల్ ఎక్కువైనా అంతే. మొదటిరోజు పెద్దగా ఏమీ తెలియదు, కాలేయం మాత్రం లోపల దెబ్బతింటూ ఉంటుంది. దానికి విరుగుడు మందు ఉంది, అయితే మొదటి 8 గంటల్లో ఇస్తేనే బాగా పనిచేస్తుంది.

అందుకే దిండు కింద, మంచం పక్కన, హ్యాండ్‌బ్యాగులో, ఫ్రిజ్ మీద బిళ్లలు పెట్టొద్దు. ఈ నెల పాకే బిడ్డ వచ్చే నెల కుర్చీ లాక్కుని ఎక్కుతుంది. తాళం పడే బీరువా పైఅర మంచిది. తాతయ్య బీపీ, షుగరు బిళ్లలూ అక్కడికే చేరాలి. స్ట్రిప్పులోంచి తీసి వేరే డబ్బాల్లో పోయొద్దు. మందు తాగించడానికి "మిఠాయి" అని మభ్యపెట్టినా ప్రమాదమే, పిల్లలు ఆ మాట గుర్తుపెట్టుకుంటారు.

బిడ్డ బిళ్లలు మింగిందన్న అనుమానం వస్తే వాంతి చేయించొద్దు, ఉప్పునీళ్లు తాగించొద్దు. నోట్లో మిగిలినవి తీసేసి, ఖాళీ స్ట్రిప్పు చేత్తో పట్టుకుని 108కి ఫోన్ చేయండి. ఆడుకుంటూనే ఉన్నా సరే, ఆసుపత్రికి తీసుకెళ్లండి.