రంగు, ధర, గడువు: వాట్సాప్ ఛానెల్‌లో ఫొటో కింద ఏం రాయాలి?

మంగళగిరిలో మగ్గం చీరలు అమ్ముకునే ఒక చిన్న కుటుంబం ఉందనుకుందాం. కొన్నేళ్లుగా ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటోలు పెడుతున్నారు. పాత కొనుగోలుదారులు అడగడంతో ఈమధ్య వాట్సాప్‌లో ఛానెల్ కూడా తెరిచారు. అక్కడ రాసిందే తెచ్చి ఇక్కడా అతికిస్తున్నారు. ఒక చీర కింద రాత ఇలా ఉంది:

"సంప్రదాయానికి సరికొత్త సొగసు! మగువల మనసు దోచే మంగళగిరి చీర మీ కోసం. ధరకు డీఎం చేయండి. లింక్ బయోలో ఉంది. #మంగళగిరి #చేనేత #కాటన్‌చీరలు #శారీలవర్స్"

ఇన్‌స్టాగ్రామ్‌లో ఈ రాతకు ఒక పని ఉంది. మన పేరు కూడా తెలియనివాళ్లు హ్యాష్‌ట్యాగ్ పట్టుకుని వస్తారు, పొగడ్త వాళ్లను కాసేపు ఆపుతుంది. ఛానెల్‌కు వచ్చేసరికి ఇందులో ఒక్క ముక్కా పనికిరాదు. వాట్సాప్‌లో # గుర్తు ఉత్త అక్షరమే, నొక్కినా ఎక్కడికీ పోదు. కొత్తవాళ్లు ఛానెల్‌ను వెతికేది పేరుతో, ఫొటో కింద మాటలతో కాదు. ఇక్కడ బయో అనేది లేదు. ఫొటో కింద కామెంటు రాసే చోటూ లేదు. ఎమోజీ పెట్టవచ్చు, పోల్ ఉంటే ఓటు వేయవచ్చు. "డీఎం చేయండి" అంటే ఎవరికి, ఏ నంబరుకి? చదివేవారికి దారి తెలియదు.

ఇక్కడ చదివేది దారిన పోయేవాళ్లు కాదు. ఛానెల్ వెతికి, ఫాలో నొక్కి వచ్చినవాళ్లు. మంగళగిరి చీర అంటే వాళ్లకు ఇష్టమని మళ్లీ ఒప్పించనక్కర్లేదు. వాళ్లు దుకాణం గడప దాటి లోపలికి వచ్చేశారు. ఇప్పుడు వాళ్లకు కావలసినవి నాలుగే: ఏమిటిది, ఎంత, ఎన్ని ఉన్నాయి, కావాలంటే ఏం చేయాలి. క్యాప్షన్ ఈ నాలుగింటికీ జవాబు చెబితే చాలు.

మొదటి వరుసకే విలువ ఎక్కువ

ఛానెల్ పోస్టును జనం ఎలా చూస్తారో తెలిస్తే, ఎలా రాయాలో సగం తెలిసినట్టే. వాట్సాప్‌లో ఛానెళ్లు మామూలు చాట్ల మధ్య ఉండవు, 'అప్‌డేట్స్' అనే వేరే ట్యాబ్‌లో ఉంటాయి. ఒకరు ఛానెల్‌ను ఫాలో అయినప్పుడు దాని నోటిఫికేషన్లు ముందుగానే మ్యూట్‌లో ఉంటాయి. గంట గుర్తు నొక్కి వాళ్లే ఆన్ చేసుకోవాలి, చాలామంది చేసుకోరు. అంటే మనం పోస్టు పెట్టినప్పుడు వాళ్ల ఫోను మోగదు. తీరిక దొరికి ఆ ట్యాబ్ తెరిచినప్పుడు ఛానెల్ పేరు, దాని కింద చివరి పోస్టు తాలూకు మొదటి కొన్ని మాటలు కనిపిస్తాయి. లోపలికి వెళ్లాలా వద్దా అన్నది ఆ మాటలు చూసే తేల్చుకుంటారు.

తెలుగులో రాసేవాళ్లకు ఇక్కడ ఒక చిక్కుంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. "ఈ వారం మా మగ్గం మీద నుంచి దిగిన కొత్త రంగుల చీరల్లో ముదురు ఆకుపచ్చ చీర ఒకటి సిద్ధంగా ఉంది" అని మొదలుపెడితే, బయటికి కనిపించేది "ఈ వారం మా మగ్గం మీద నుంచి" అన్నంతవరకే. చీర రంగూ తెలియదు, ఉందో లేదో అంతకన్నా తెలియదు. "అందరికీ శుభోదయం" అని మొదలుపెడితే ఆ పాటి కూడా తెలియదు. అందుకే మొదటి వరుసలో పూర్తి వాక్యం రాయకుండా, పత్రిక శీర్షికలాగా పేరూ ధరా పెట్టాలి: "ముదురు ఆకుపచ్చ కాటన్, రూ.1,850". ఆ తర్వాతి వరుసల్లో వాక్యాలు తీరిగ్గా నడవవచ్చు.

ఒకేసారి పది చీరలు పెడితే బయట కనిపించేది పదో చీర మొదటి వరుస మాత్రమే. పదీ పెట్టాక "ధన్యవాదాలు" అని ఇంకో పోస్టు వేస్తే, రోజంతా అందరికీ కనబడేది ఆ ధన్యవాదాలే. ఆ రోజు ముఖ్యమైన చీర ఏదో చూసుకుని దాన్ని చివర పెట్టాలి.

ఆ చీరకే తిరగరాసిన క్యాప్షన్

అదే ఆకుపచ్చ చీరకు ఛానెల్ కోసం ఇలా రాయవచ్చు. మొదటి వరుసకు అటూ ఇటూ ఉన్న చుక్క గుర్తులు పోస్టులో కనిపించవు, వాటి మధ్య ఉన్న అక్షరాలు బొద్దుగా మారతాయి.

```
*ముదురు ఆకుపచ్చ కాటన్, రూ.1,850*
చీర నంబరు 27. మూడు ఉన్నాయి.
నిజాం బార్డర్, జరీ అంచు. చీర 5.5 మీటర్లు,
జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లు అదనం.
ఫొటో ఎండలో తీసింది. లైటు కింద
రంగు ఇంకాస్త ముదురుగా ఉంటుంది.
పోస్టు ఖర్చు ధరలోనే కలిసింది.
జూన్ 14 శనివారం సాయంత్రం 6 లోపు
చెప్పినవారికి సోమవారం పంపుతాం.
కావాలంటే ఇది నొక్కండి:
https://wa.me/91XXXXXXXXXX?text=27
```

ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు. అయినా కసురుకున్నట్టు లేదు. సూటిగా చెప్పడమంటే మర్యాద తగ్గించడం కాదు. "నొక్కండి", "పంపుతాం" అన్నప్పుడు కొట్టులో కూర్చుని మాట్లాడే గొంతే వినిపిస్తుంది. "త్వరపడండి! మళ్లీ దొరకదు!" అని తొందరపెట్టే బదులు "మూడు ఉన్నాయి" అంటే చాలు. తొందరపడాలో లేదో ఆ అంకె చూసి కొనేవాళ్లే నిర్ణయించుకుంటారు. మూడు ఉన్నాయని రాస్తే నిజంగా మూడే ఉండాలి. నాలుగో మనిషికి కూడా అదే చీర వెళితే మన అంకెలను వచ్చే నెల ఎవరూ నమ్మరు.

రంగు గురించి రాసిన రెండు వరుసలను కొందరు అనవసరం అనుకుంటారు. చేతిలోకి వచ్చిన చీర ఫొటోలో చూసినట్టు లేకపోతే వచ్చే తగువు ఆ రెండు వరుసలతో ముందే తప్పుతుంది. ఫొటో చూపించలేనిదాన్ని క్యాప్షన్ చెప్పాలి: తాకితే ఎలా ఉంటుంది, ఉతికితే రంగు దిగుతుందా, పొడవెంత. జరీ మెరుపు ఫొటోలో కనబడుతూనే ఉంది, దాన్ని మళ్లీ మాటల్లో పెట్టనక్కర్లేదు.

రేపు అంటే ఏ రేపు?

ఛానెల్‌లో పెట్టిన పోస్టు 30 రోజుల వరకు ఉంటుంది. ఫోను మోగదు కాబట్టి ఒకరు గంటలో చూస్తారు, ఇంకొకరు నాలుగో రోజు చూస్తారు. "రేపు సాయంత్రం దాకా" అని రాస్తే నాలుగో రోజు చదివినవాళ్లు ఆ రేపు ఇంకా రాలేదనుకుంటారు. పోస్టు పక్కన పెట్టిన సమయం చూసి లెక్క కట్టుకొమ్మనడం న్యాయం కాదు. నేడు, రేపు, ఈ వారం అనే మాటలు తీసేసి తేదీ, వారం, గంట రాయాలి. తేదీ పక్కన వారం కూడా ఉంటే, ఒకటి పొరపాటు పడినా రెండోదాన్ని బట్టి పట్టుకోవచ్చు.

ఈ కారణంగానే గంటలో తెలియవలసిన విషయాలకు ఛానెల్‌ను నమ్ముకోకూడదు. "ఇంకో అరగంటలో కొట్టు మూసేస్తున్నాం" లాంటిది అక్కడ పెడితే చాలామంది మర్నాడు చదువుతారు.

కాయితం జారిపోతే?

ఛానెల్ ఫొటోను ఎవరైనా చెల్లెలికో స్నేహితురాలికో ఫార్వర్డ్ చేయవచ్చు. దాంతోపాటు ఛానెల్‌కు వెళ్లే దారి కూడా వెళుతుంది. కొత్తవాళ్లు రావడానికి హ్యాష్‌ట్యాగ్ కన్నా ఇదే అసలు మార్గం. అయితే ఫార్వర్డ్ చేసేటప్పుడు క్యాప్షన్‌ను తీసేసే వీలు వాట్సాప్ ఇస్తుంది. అది కాక, నాలుగు ఫొటోలు కలిపి పెట్టి మొదటిదాని కిందే వివరాలు రాస్తే, మూడో ఫొటో ఒక్కటే ఫార్వర్డ్ అయినప్పుడు దాని వెంట ఏ మాటా పోదు. అప్పుడు "ఆ పచ్చ చీర ఉందా?" అంటూ మెసేజీ వస్తుంది, ఏ పచ్చో మనకు తెలియదు.

దీనికి మందు తేలిక. పంపే ముందు ఫొటో మీదే, ఒక మూలన, చీర నంబరు రాసేయాలి. ఆ సౌకర్యం వాట్సాప్‌లోనే ఉంది. క్యాప్షన్‌లోనూ అదే నంబరు ఉండాలి. "పైన చెప్పిన చీర", "నిన్నటిదానికి జత" లాంటి మాటలు వద్దు. ఫార్వర్డ్ అందుకున్నవారికి పైనా తెలియదు, నిన్నా తెలియదు. ప్రతి క్యాప్షన్ ఒంటరిగా నిలబడగలగాలి.

పై క్యాప్షన్ చివర ఉన్న లింకూ ఇందుకే. దాన్ని నొక్కితే దుకాణం నంబరుతో చాట్ తెరుచుకుంటుంది, రాసే చోట 27 అన్న అంకె ముందే పడి ఉంటుంది. కొనేవారు పంపడమే తరువాయి. నంబరు ముందు దేశం కోడ్ 91 ఉండాలి. ప్లస్ గుర్తు, ఖాళీలు, ముందు సున్నా ఉండకూడదు. text= తర్వాత తెలుగు మాటలు పెడితే లింకు శాతం గుర్తులతో చాంతాడంత అవుతుంది కాబట్టి ఉత్త అంకె మేలు. ఇంకో సంగతి: ఛానెల్ నడిపేవారి ఫోను నంబరు ఫాలోవర్లకు కనిపించదు, ఈ లింకు పెట్టగానే కనిపిస్తుంది. అందుకని ఇంటి నంబరు కాకుండా వ్యాపారానికి వాడే నంబరే ఇవ్వాలి.

అమ్ముడుపోయాక

మూడు చీరలూ అయిపోయాయి. పోస్టు తీసేయాలా? తీసేయకండి, మార్చండి. పోస్టు పెట్టిన 30 రోజుల వరకు క్యాప్షన్ సరిదిద్దుకునే వీలుంది. ఫొటోను మార్చలేం, మాటలు మార్చవచ్చు. మొదటి వరుసను "అయిపోయింది: ముదురు ఆకుపచ్చ కాటన్, నంబరు 27" అని మార్చి, కింద "ఈ రంగు మళ్లీ జూలై మొదటి వారంలో నేస్తాం" అని ఒక వరుస చేరిస్తే, ఆలస్యంగా వచ్చినవారికీ జవాబు దొరుకుతుంది. అయితే అప్పటికే ఫార్వర్డ్ అయి వెళ్లిన కాపీల్లో పాత రాతే ఉంటుంది. కొన్నాళ్లు 27 కోసం అడుగుతూనే ఉంటారు, వాళ్లకు ఓపికగా చెప్పుకోవలసిందే. ధరలో పొరపాటు దొర్లితే మాత్రం సరిదిద్ది ఊరుకోకూడదు, ఎందుకంటే మార్చినట్టు ఎవరికీ కబురు వెళ్లదు. "నంబరు 27 ధర రూ.1,850, ఇంతకుముందు తప్పు రాశాం" అని వేరే పోస్టు పెట్టాలి.

క్యాప్షన్ సరిగా కుదిరిందో లేదో ఎమోజీలు చెప్పవు. హృదయం గుర్తు పెట్టిన వాళ్లంతా కొనేవాళ్లు కారు. దుకాణం నంబరుకు వచ్చే మెసేజీలు చూడండి. "ధర ఎంత?" అని ఇద్దరు ముగ్గురు అడిగారంటే ధర కంటికి ఆనే చోట లేదు. "జాకెట్టు ముక్క ఉంటుందా?" అని అడుగుతుంటే ఆ వరుస రాయలేదు, లేదా మరీ కిందికి జరిగి 'రీడ్ మోర్' వెనకాల దాక్కుంది. వచ్చిన ప్రశ్నను తర్వాతి చీర క్యాప్షన్‌లో జవాబుగా చేర్చండి. ఎవరూ ఎన్నడూ అడగని వరుస కనిపిస్తే తీసేయండి. మెసేజీల్లో ప్రశ్నలు తగ్గి, "27" అన్న అంకె ఒక్కటే వస్తోందంటే క్యాప్షన్ తన పని చేసినట్టు.