కొబ్బరిపీచు పట్టా, జనపనార పరుపు: మట్టి తీయడం, కుళ్ళకుండా చూడటం

4.0 ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
- నారతో చేసిన పట్టా ఎందుకు కుళ్ళుతుందో వివరించగలుగుతారు.
- పీచు పట్టాను, జనపనార పరుపును వేర్వేరుగా ఎందుకు శుభ్రం చేయాలో చెప్పగలుగుతారు.
- పట్టా లోపలిదాకా ఆరిందో లేదో పరీక్షించగలుగుతారు.

4.1 ఊరడం, కుళ్ళడం

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పల్లెల్లో గోగు కోత అయ్యాక కట్టలను చెరువులో ముంచి ఊరవేయడం మీలో చాలామంది చూసి ఉంటారు. నీటిలోని సూక్ష్మజీవులు నారను కాడకు అంటిపెట్టి ఉంచే జిగురు పదార్థాన్ని తినేస్తాయి. రెండు మూడు వారాల్లో నార విడివడుతుంది. రైతు కట్టలను సమయానికి తీయకపోతే అవే సూక్ష్మజీవులు నారను కూడా పట్టుకుంటాయి. అప్పుడు నార బలం పోతుంది. గుమ్మం ముందు తడిగా వదిలేసిన పట్టాలో జరిగేది కూడా ఇలాంటిదే. అక్కడ ఆ పని ఎక్కువగా బూజు చేస్తుంది.

ఉద్దానం కొబ్బరి తోటల నుంచి వచ్చే పీచు ఇంత త్వరగా లొంగదు. కేరళలో పాత పద్ధతిలో కొబ్బరి డొక్కలను ఉప్పునీటి కయ్యల్లో నెలల తరబడి ఊరవేసేవారు. దీనికి కారణం లిగ్నిన్ అనే గట్టి పదార్థం. పీచులో అది సుమారు 40 శాతానికి పైగా ఉంటుంది. జనపనారలో 12 శాతం దాకా మాత్రమే ఉంటుంది. అందువల్ల పీచు పట్టాను అప్పుడప్పుడు కడగవచ్చు. జనపనార పరుపును నీటిలో ముంచకూడదు.

4.2 ముందు పొడి పని

బురద తడిగా ఉన్నప్పుడు రుద్దితే మెత్తని మన్ను పీచు మొదట్లోకి దిగిపోతుంది. కాబట్టి దానిని పూర్తిగా ఎండనివ్వండి. తరవాత పట్టాను బోర్లా తిప్పి, వెనకవైపు కర్రతో కొట్టండి. వదులైన మన్ను దాని బరువుకు అదే కిందికి రాలుతుంది. తరవాత తిరగవేసి ఈనెల చీపురుతో ఊడవండి. పట్టాను పాత వార్తాపత్రిక మీద దులిపినప్పుడు దుమ్ము పడకపోతే ఈ పని పూర్తయినట్లే. చాలాసార్లు దీనితోనే సరిపోతుంది.

4.3 నీటితో శుభ్రం చేయడం

*పీచు పట్టా:* వాన సూచన లేని రోజు ఉదయం 8 గంటలకే మొదలుపెట్టండి. ఒక బకెట్ నీటిలో కొద్దిగా కుంకుడు రసం కలిపి, బ్రష్‌తో రుద్ది, మంచినీటితో కడగండి. కళింగపట్నం, బారువ వంటి తీరప్రాంత ఇళ్ళలో ఈ చివరి కడుగు ముఖ్యం. సముద్రపు ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది. ఉప్పు పట్టిన పట్టా ఎండలో ఆరినా రాత్రికి మళ్ళీ చెమ్మగిల్లుతుంది. కడిగిన పట్టాను గోడకు ఏటవాలుగా నిలబెట్టి, రెండు గంటలకోసారి తిప్పుతూ ఎండబెట్టండి. అడుగున రబ్బరు లేదా ప్లాస్టిక్ ఉన్న పట్టా ఒకవైపు నుంచే ఆరుతుంది కాబట్టి తక్కువ నీరు వాడండి.

*జనపనార పరుపు:* గట్టిగా పిండిన గుడ్డతో నేత వెంట తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్దండి. నీరు ఒకేచోట నిలిచి ఆరితే నారలోని రంగు పదార్థం అంచుకు చేరి గోధుమరంగు మరక ఏర్పడుతుంది. చాకలిసోడా, బ్లీచింగ్ పౌడరు నారను బలహీనపరుస్తాయి. పరుపును నులక మంచం మీద పరిచి నీడలో, గాలికి ఆరబెట్టండి. కిందినుంచి కూడా గాలి తగులుతుంది. తీవ్రమైన ఎండకు జనపనార పసుపెక్కుతుంది.

4.4 ఆరిందని తెలుసుకోవడం

పైభాగం చేతికి పొడిగా తగిలినా మధ్యలో తేమ ఉండవచ్చు. దీనికి తూకం మంచి పరీక్ష. ఉదాహరణకు, ఒక పీచు పట్టా కడగక ముందు 1.5 కిలోలు ఉందనుకుందాం. కడిగి, నీరు కారిపోయాక 2.4 కిలోలు తూగింది. సాయంత్రానికి 1.7 కిలోలకు వచ్చింది. మట్టి కొంత పోయింది కాబట్టి అది 1.5 కంటే కొద్దిగా తక్కువే ఉండాలి. అంటే ఇంకా కనీసం 200 గ్రాముల నీరు లోపల ఉంది. ఆ రాత్రి దానిని నేలమీద వేయకుండా ఫ్యాను కింద నిలబెట్టి, మర్నాడు మళ్ళీ ఎండలో పెట్టాలి. తూకం తగ్గడం ఆగినప్పుడే గుమ్మం ముందు వేయాలి.

ముసురు పట్టిన రోజుల్లో, తుఫాను రోజుల్లో కడగడం మానేసి 4.2లోని పొడి పద్ధతికే పరిమితం కండి. తడిసిన పట్టాను మాత్రం నేలమీంచి లేపి ఉంచండి.

4.5 కుళ్ళును గుర్తించడం

ముందుగా ముక్కవాసన వస్తుంది. తరవాత అడుగున నల్లని చుక్కలు కనిపిస్తాయి. ఈ దశలో ఇంటి బయట ఎండబెట్టి, బ్రష్ చేస్తే బూజు ఆగవచ్చు, మరక మాత్రం మిగులుతుంది. ఒక పోగును లాగి చూడండి. మంచి పీచు కొంత సాగి తెగుతుంది. కుళ్ళినది సాగకుండా పుటుక్కున తెగుతుంది. కుళ్ళిన జనపనార వేళ్ళ మధ్య పొడి అవుతుంది. పోయిన బలం తిరిగి రాదు. రబ్బరు, ప్లాస్టిక్ అడుగు లేని పట్టాను మొక్కల మొదట్లో కప్పుగా వాడుకోవచ్చు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. జనపనార కంటే కొబ్బరిపీచు కుళ్ళును ఎక్కువకాలం తట్టుకోవడానికి కారణమేమిటి?
2. బురదను ఎండిన తరవాతే ఎందుకు తీయాలి?
3. మీ ఇంటి పట్టాను కడగక ముందు, కడిగిన తరవాత తూచి, అది పూర్తిగా ఆరడానికి ఎన్ని గంటలు పట్టిందో నమోదు చేయండి.