ఏప్రిల్‌లో మాయమయ్యే అడవి

మా మినీ ప్రాజెక్టుకి నల్లమలని తీసుకున్నాం. పని వినడానికి తేలికే: ఒక పాత శాటిలైట్ చిత్రం, ఒక కొత్త చిత్రం పక్కపక్కన పెట్టి, పచ్చదనం ఎక్కడ తగ్గిందో క్యూజీఐఎస్‌లో గుర్తించడం. మేం వాడిన సెంటినెల్-2 బ్యాండ్లలో ఒక్కో పిక్సెల్ నేలమీద 10 మీటర్ల చదరం. పచ్చటి ఆకు ఎరుపు కాంతిని పీల్చుకుంటుంది, కంటికి కనపడని నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ని వెనక్కి పంపేస్తుంది. ఆ తేడాతోనే లెక్క:

```
NDVI = (B8 - B4) / (B8 + B4)
```

నవంబరులో ఒక పిక్సెల్‌కి B8 0.32, B4 0.04 అనుకోండి. విలువ 0.78. ఏప్రిల్‌లో అదే చోట 0.24, 0.12 ఉంటే 0.33కి పడిపోతుంది. మరి చెట్లు కొట్టేశారా? అక్కర్లేదు. నల్లమల చాలావరకు ఆకురాల్చే అడవి. ఎండాకాలంలో మోడువారి, వానలకి మళ్లీ చిగురిస్తుంది. అందుకే నవంబరుని నవంబరుతోనే పోల్చాలి. వరసగా రెండు మూడు నవంబర్లు విలువ లేవకపోతే, అప్పుడు అనుమానించాలి.

ఇంకో చిక్కుంది. అడవి కొట్టి జామాయిల్ నాటితే, కొన్నేళ్లకి నవంబరు చిత్రంలో అదీ పచ్చగానే కనిపిస్తుంది. పోయిన అడవి మ్యాప్‌లో పోనట్టే ఉంటుంది. ఇక్కడ పనికొచ్చేది ఏప్రిల్ చిత్రమే: చుట్టూ అడవి మోడువారినా జామాయిల్ పచ్చగానే ఉంటుంది. అయితే వాగు ఒడ్డు చెట్లూ అప్పుడు పచ్చగానే ఉంటాయి. పచ్చదనం వంకరగా సాగితే వాగు కావచ్చు, అంచులు తిన్నగా ఉంటే తోట కావచ్చు. ఖాయం చేసుకోవాలంటే మాత్రం జీపీఎస్ పట్టుకుని అక్కడికి వెళ్లి చూడాల్సిందే.