లోడు లేకపోయినా కాలే కరెంటు

పొలం గట్టున రెండు స్తంభాల మధ్య బిగించిన ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి, మోటార్లన్నీ కట్టేసిన వేళ వెళ్లి చెవి ఒగ్గితే సన్నని రొద వినిపిస్తుంది. ఎవరికీ కరెంటు ఇవ్వని ఆ సమయంలో కూడా అది కరెంటు తింటూనే ఉంటుంది. 11 కేవీ లైను బతికున్నంతసేపూ లోపలి ఇనుప కోర్ సెకనుకు 50 సార్లు ఒక దిశలో అయస్కాంతమై, మళ్లీ ఎదురు దిశకు మారుతూ ఉండాలి. ఆ మార్పుకయ్యే శక్తి వేడిగా మారి నూనెలో కలుస్తుంది. విద్యుత్ ఇంజినీర్లు దీన్ని నో-లోడ్ నష్టం అంటారు. ఇది ఏ ఇంటి మీటరులోనూ కనబడదు, కానీ డిస్కమ్ నష్టాల లెక్కలో చేరి చివరకు ఛార్జీల రూపంలో మన దగ్గరికే వస్తుంది.

రెండో రకం నష్టం తీగ చుట్లలో జరుగుతుంది. అది లోడును బట్టి ఉంటుంది, అదీ వర్గం లెక్కన. లోడు సగమైతే ఈ నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది. వంద కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు మన దేశపు పాత ప్రమాణం అనుమతించిన అంకెలు చూడండి: నో-లోడ్ నష్టం 260 వాట్లు, పూర్తి లోడు మీద చుట్లలో నష్టం 1,760 వాట్లు. పైకి చూస్తే రెండోదే పెద్ద దొంగ. కానీ ట్రాన్స్‌ఫార్మర్ మీద ముప్పై శాతం లోడే ఉంటే చుట్లలో పోయేది 158 వాట్లు మాత్రమే. కోర్‌లో పోయే 260 మాత్రం అలాగే ఉంటుంది. నడిరాత్రి అయినా, వాన రోజైనా, పంట కోసేసిన నెలలోనైనా అంతే. ఏడాదికి 8,760 గంటలు. లెక్కవేస్తే సుమారు 2,278 యూనిట్లు.

ఈ 260ని తగ్గించాలంటే కోర్ లోహాన్నే మార్చాలి. ఇప్పుడు ఎక్కువ ట్రాన్స్‌ఫార్మర్లలో ఉన్నది సిలికాన్ ఉక్కు. మన వైపు దీన్ని సీఆర్‌జీవో అంటారు. ఇనుములో మూడు శాతం దాకా సిలికాన్ కలిపి, స్ఫటికాలన్నీ ఒకే వైపు తిరిగేలా రోలింగ్ చేసి, 0.23 నుంచి 0.30 మిల్లీమీటర్ల మందం రేకులుగా తీస్తారు. రేకు ఎంత పలచనైతే అందులో సుడి ప్రవాహాలు అంత తగ్గుతాయి. స్ఫటికాలు వరసగా ఉంటే అయస్కాంతత్వం సులువుగా దిశ మారుతుంది. దశాబ్దాలుగా ఉక్కు కర్మాగారాలు ఈ రెండు దారుల్లోనే రేకును మెరుగుపరుస్తూ వచ్చాయి.

అమార్ఫస్ లోహం దారి వేరు. అందులో స్ఫటికాలే ఉండవు. పాకం నిదానంగా చల్లారితే పలుకు కడుతుంది, ఒక్కసారిగా చల్లార్చితే పలుకు కట్టే వ్యవధి దొరక్క గాజులా గడ్డకడుతుంది. లోహం కూడా అంతే. 1960లో అమెరికాలోని కాల్‌టెక్‌లో పాల్ డ్యువెజ్ బృందం బంగారం, సిలికాన్ మిశ్రమాన్ని ఇలా గాజుగా మార్చి చూపింది. ట్రాన్స్‌ఫార్మర్లకు వాడేది ఇనుము, బోరాన్, సిలికాన్ మిశ్రమం. కరిగిన లోహాన్ని వేగంగా తిరిగే చల్లని రాగి చక్రం మీద సన్నని ధారగా పోస్తారు. సెకనుకు పది లక్షల డిగ్రీల వేగంతో చల్లారి రిబ్బనుగా ఊడి వస్తుంది. దాని మందం 0.025 మిల్లీమీటర్లు. అలాంటి రిబ్బన్లు పదో పన్నెండో పేరిస్తే గానీ ఒక్క సిలికాన్ ఉక్కు రేకు మందం రాదు. అంత పలచన కావడంతోపాటు దాని విద్యుత్ నిరోధం సిలికాన్ ఉక్కుకన్నా రెండున్నర రెట్లకు పైగా ఉంటుంది. అందుకే సుడి ప్రవాహాలు బాగా అణగిపోతాయి. స్ఫటికాల సరిహద్దులు లేకపోవడంతో అయస్కాంతత్వం దిశ మార్చడానికి పెద్దగా శ్రమా అక్కర్లేదు. ఫలితంగా నో-లోడ్ నష్టం అరవై, డెబ్బై శాతం తగ్గుతుంది. మన వంద కేవీఏ ఉదాహరణలో 260 వాట్ల చోట 80 వాట్లు అనుకోవచ్చు.

తేడా 180 వాట్లు. ఏడాది పొడవునా లైను బతికి ఉంటే 1,577 యూనిట్లు మిగులుతాయి. యూనిట్‌ను అయిదు రూపాయలుగా లెక్కేద్దాం, అమార్ఫస్‌కు అదనపు ధర ముప్పై వేలనుకుందాం. ఏటా దాదాపు 7,900 రూపాయలు ఆదా అయి, నాలుగేళ్లు తిరక్కుండానే పెట్టుబడి తిరిగొస్తుంది. అమ్మేవాళ్లు చూపించేది ఈ లెక్కే.

కానీ కొనేవాడు వేయాల్సిన లెక్క ఇది కాదు. ఇవాళ మార్కెట్లో అమార్ఫస్‌తో పోటీపడేది పాత 260 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ కాదు, మంచి రేకుతో చేసిన కొత్త సీఆర్‌జీవో. దాని నష్టం 160 వాట్లనుకుంటే తేడా 80కి తగ్గుతుంది. అప్పుడు ఏటా 3,500 రూపాయలు. పెట్టుబడి రావడానికి ఎనిమిదిన్నరేళ్లు. అదే ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆంధ్రప్రదేశ్‌లో పగలు తొమ్మిది గంటలే సరఫరా ఇచ్చే ప్రత్యేక వ్యవసాయ ఫీడరు మీద పెడితే? మిగతా పదిహేను గంటలు లైనే చచ్చి ఉంటుంది కాబట్టి కోర్‌లో నష్టమూ ఉండదు, ఆదా కావడానికీ ఏమీ ఉండదు. ఏటా మిగిలేది 1,300 రూపాయలు. పెట్టిన డబ్బు రావడానికి 22 ఏళ్లకు పైనే పడుతుంది. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా విధానం 2018 జనవరి నుంచి మొదలైంది. అలా రాత్రింబవళ్లు లైను బతికి ఉండి మోటార్లు కొన్ని గంటలే తిరిగే ఫీడరు మీద ఇదే ట్రాన్స్‌ఫార్మర్ ఎనిమిదిన్నరేళ్లలో డబ్బు తిరిగి ఇస్తుంది. లోహం ఒకటే, ధర ఒకటే. మారింది లైను బతికి ఉండే గంటలు. టెండరు కాగితాల్లో నేను ముందుగా వెతికే అంకె అదే.

ఇక ఇబ్బందుల సంగతి. అమార్ఫస్ లోహం 1.56 టెస్లా దగ్గరే అయస్కాంతత్వంతో నిండిపోతుంది, సిలికాన్ ఉక్కు 2 టెస్లా దాకా తట్టుకుంటుంది. లోడు తక్కువున్న రాత్రి వోల్టేజీ పెరిగినప్పుడు కోర్ మీద భారం కూడా పెరుగుతుంది కాబట్టి ముందే కాస్త జాగా ఉంచుకోవాలి. అందుకని అమార్ఫస్ కోర్‌ను 1.35 టెస్లా దరిదాపుల్లోనే నడుపుతారు. పైగా రిబ్బన్లు ఎంత బిగించి చుట్టినా మధ్యలో ఖాళీ ఎక్కువ. కోర్ వైశాల్యంలో అసలు లోహం 85 శాతం దాకా మాత్రమే ఉంటుంది, సిలికాన్ ఉక్కులో 96 శాతం ఉంటుంది. ఈ రెండు కారణాలతో కోర్ లావెక్కుతుంది. కోర్ లావైతే దాని చుట్టూ తిరిగే ప్రతి చుట్టూ పొడవవుతుంది, రాగి గానీ అల్యూమినియం గానీ ఎక్కువ పడుతుంది. ట్యాంకు, నూనె కూడా పెరుగుతాయి. అక్కడ తయారీదారు తీగలో పొదుపు చేశాడంటే కోర్‌లో మిగిలింది చుట్లలో పోతుంది. పగలూ రాత్రీ నిండు లోడుతో నడిచే పట్టణపు ట్రాన్స్‌ఫార్మర్‌కు అలాంటి బేరం దండగ.

అన్నిటికన్నా పెద్ద చిక్కు మరమ్మతు. మన పల్లెల్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలడం అరుదైన ఘటన కాదు. ఫ్యూజు తీగ బదులు దొరికిన తీగ పేనవేస్తారు, గాలికి ఎల్‌టీ తీగలు రాసుకుంటాయి, షార్ట్ సర్క్యూట్ దెబ్బ నేరుగా చుట్ల మీద పడుతుంది. సీఆర్‌జీవో ట్రాన్స్‌ఫార్మర్ కాలితే షెడ్డులో ఏం చేస్తారో చాలామంది చూసే ఉంటారు. పై యోక్ రేకులు ఒక్కొక్కటే లాగేసి, కాలిన కాయిల్‌ను పైకి ఎత్తి, కొత్తది దించి, రేకులు మళ్లీ అల్లుతారు. చేయి తిరిగినవాళ్లు జిల్లా జిల్లాకీ ఉన్నారు.

అమార్ఫస్ కోర్‌తో ఈ పని సాగదు. రిబ్బనును చుట్టాక అయస్కాంత క్షేత్రంలో ఉంచి సుమారు 350 డిగ్రీల వేడిలో కాల్చి, నెమ్మదిగా చల్లారుస్తారు. అలా చేస్తేనే నష్టం తగ్గుతుంది, కానీ దాంతో లోహం పెళుసైపోతుంది. కాయిల్ తీయాలంటే కోర్ అడుగునో పైనో ఉన్న అతుకు విప్పి, వేలాది రిబ్బన్ల పొరలను కట్టలు కట్టలుగా తెరవాలి, మళ్లీ అదే వరసలో ఒకదానిమీదొకటి కాస్త ఎక్కేలా మూయాలి. వరస తప్పితే అతుకులో ఖాళీ పెరిగి నష్టమూ, రొదా రెండూ పెరుగుతాయి. ఏ పొర విరిగినా దాని పెచ్చులు నూనెలోకి పడతాయి. అవి లోహపు పెచ్చులు కాబట్టి చుట్ల ఇన్సులేషన్ మీద వాలితే మళ్లీ కాలే ప్రమాదం ఉంది. అందుకే కోర్ అంచులకు రెసిన్ పూస్తారు, తెరిచిన ప్రతిసారీ ఆ పూత మళ్లీ వేయాలి. హడావుడిగా మూసేసి, పెచ్చులు దులపకుండా నూనె పోసేస్తే, కొన్నప్పుడు 80 వాట్లు చూపించిన కోర్ మరమ్మతు తర్వాత ఎంత తింటోందో ఎవరికీ తెలియదు. ఎందుకంటే కొలిచేవాళ్లు ఉండరు.

షార్ట్ సర్క్యూట్ బలాల సమస్య కూడా కోర్ ఆకారంతోనే వస్తుంది. రిబ్బను వెడల్పు ఒకటే కాబట్టి కోర్ కాలు దీర్ఘచతురస్రంగా ఉంటుంది, కాయిల్ కూడా అలాగే. పెద్ద కరెంటు పారినప్పుడు కాయిల్ గుండ్రంగా సాగాలని చూస్తుంది. గుండ్రని కాయిల్‌కు అది సహజంగా తట్టుకోగల దెబ్బ, పలకల కాయిల్‌కు మాత్రం గట్టి ఊత కావాలి. ఆ ఊత ఇచ్చిన మంచి డిజైన్లు ఉన్నాయి. కొనేటప్పుడు షార్ట్ సర్క్యూట్ పరీక్ష నివేదిక అడగడం అందుకే తప్పనిసరి.

ఇక్కడ ప్రమాణాల గురించి ఒక మాట. మన ఐఎస్ 1180 ప్రమాణం 2014 రూపంలో కోర్ నష్టానికి, చుట్ల నష్టానికి విడివిడి హద్దులు పెట్టలేదు. యాభై శాతం లోడు దగ్గరా, పూర్తి లోడు దగ్గరా రెండూ కలిపి ఎంత దాటకూడదో చెప్పింది. తయారీదారుకు ఇది స్వేచ్ఛ: కోర్ కాస్త ఎక్కువ తిన్నా, తీగ లావు చేసి మొత్తాన్ని హద్దులో ఉంచుకోవచ్చు. సగం లోడు నిజంగా ఉండే చోట ఇది న్యాయమే. పదీ పదిహేను శాతం లోడుతో ఏడాదంతా నిలబడే ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆ మొత్తం అంకె ఏమీ చెప్పదు. అక్కడ డిస్కమ్ తన టెండరులో నో-లోడ్ నష్టాన్ని విడిగా అడిగి, దానికి లైను బతికి ఉండే గంటల లెక్కన విలువ కట్టాలి.

నా మాట సూటిగా చెబుతాను. రోజంతా లైను బతికి ఉండి, లోడు తక్కువగా ఉండే పల్లె గృహ ఫీడర్లకు అమార్ఫస్ కొనండి. తొమ్మిది గంటల వ్యవసాయ ఫీడర్లకూ, ఎప్పుడూ నిండుగా ఉండే బజారు ట్రాన్స్‌ఫార్మర్లకూ మంచి సీఆర్‌జీవో, లావు తీగ చాలు. కొన్న అమార్ఫస్‌కు మరమ్మతు చేయగల షెడ్డు జిల్లాలో ఒక్కటైనా సిద్ధం చేశాకే ఆర్డరు పెట్టండి. ఏ రకమైనా సరే, షెడ్డు నుంచి బయటికి వచ్చే ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌కు హెచ్‌టీ వైపు తెరిచి ఉంచి, ఎల్‌టీ వైపు 433 వోల్టులిచ్చి వాట్‌మీటరుతో నో-లోడ్ నష్టం కొలవండి. వచ్చిన అంకెను తేదీతో సహా ట్యాంకు మీద పెయింటుతో రాయించండి.