పొడిబారే పెదవులకు మ్యాటా, శాటినా, గ్లాసీనా?

లిప్‌స్టిక్‌లో ప్రధానంగా ఉండేవి మూడు: మైనం, నూనె, రంగు పొడి. తేనె మైనం, కార్నోబా వంటి మైనాలు కడ్డీకి ఆకారాన్నిస్తాయి. నూనె వల్ల అది పెదవి మీద సాఫీగా జారుతుంది. తెలుగువారి ఇళ్లలో తలకు రాసుకునే ఆముదమే చాలా లిప్‌స్టిక్‌లలో ముఖ్యమైన నూనె. చిక్కగా ఉండి రంగు పొడిని బాగా కలుపుకోవడం, ఆరిన తర్వాత కూడా కాస్త మెరుపు నిలుపుకోవడం దాని గుణాలు. మ్యాట్, శాటిన్, గ్లాసీ అని డబ్బాల మీద కనిపించే పేర్లు ఈ మూడింటి పాళ్లలో ఉన్న తేడాను చెబుతాయి. రంగు ఎరుపా గులాబీనా అన్నది వేరే సంగతి. ఒకే ఎరుపు మూడు రకాలుగానూ దొరుకుతుంది.

మెరుపు రావడానికీ రాకపోవడానికీ కారణం పైపొర నునుపు. సున్నం వేసిన గోడ వెలుతురును అన్ని వైపులకూ చెదరగొడుతుంది, ఎనామిల్ పెయింటు వేసిన తలుపు తిన్నగా తిప్పికొడుతుంది. మ్యాట్ లిప్‌స్టిక్‌లో నూనె పాలు తగ్గించి, సిలికా, తెల్ల బంకమట్టి వంటి నున్నని పొడులు పెంచుతారు. ఆ పొడి రేణువులు పైపొరను గరుకుగా చేయడమే కాకుండా, ఉన్న కొద్దిపాటి నూనెనూ పట్టి ఉంచుతాయి. అందువల్ల రంగు గాఢంగా కనిపిస్తుంది, త్వరగా చెదరదు. గ్లాసీ రకంలో చిక్కని నూనెలు ఎక్కువ, రంగు తక్కువ. పెదవి మీద అవి తడి పొరలా నిలిచి మెరుస్తాయి. అయితే కప్పు అంచుకు అంటుకుంటాయి, గాలి వీస్తే వెంట్రుకలు వచ్చి అతుక్కుంటాయి, రెండు మూడు గంటల్లో మళ్లీ రాసుకోవలసి వస్తుంది. శాటిన్ ఈ రెండింటికీ మధ్యది. కొన్ని కంపెనీలు దాన్నే క్రీమ్ అని అమ్ముతాయి. నూనె చాలినంత ఉంటుంది, రంగూ నిండుగా పడుతుంది. మెరుపు మాత్రం వెలుతురు పడ్డ చోట పలచగా తోస్తుంది.

పెదవుల చర్మం మిగతా ముఖం కన్నా చాలా పలచన. బుగ్గలకు నూనె అందించే గ్రంథుల వంటివి పెదవి ఎర్రభాగంలో ఉండవనే చెప్పాలి. దానితో లోపలి తేమ వేగంగా బయటికి పోతుంది. చలిగాలి, ఏసీ గది, నోటితో ఊపిరి పీల్చే అలవాటు, మొటిమలకు వాడే కొన్ని మాత్రలు దీన్ని ఇంకా పెంచుతాయి. నాలుకతో తడుపుకోవడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. ఉమ్మి ఆరుతూ ఉన్న తేమనూ పట్టుకుపోతుంది, పెదవి మళ్లీ ఎండుతుంది, నాలుక మళ్లీ అక్కడికే వెళ్తుంది. ఇటువంటి పెదవి మీద చిన్న చిన్న పొలుసులు లేస్తాయి. లిప్‌స్టిక్ ఎంపికలో అసలు చిక్కు వీటితోనే. మ్యాట్ పొడి పొలుసుల అంచుల్లో చేరి ప్రతి గీతనూ ఎత్తి చూపుతుంది.

ఇక్కడ మ్యాట్‌లోనే రెండు రకాలున్నాయని గమనించాలి. కడ్డీ మ్యాట్‌లో కొంత నూనె, మైనం మిగిలే ఉంటాయి. కుంచెతో రాసుకునే ద్రవ మ్యాట్ సంగతి అలా కాదు. అందులో ఐసోడోడెకేన్ వంటి త్వరగా ఆవిరయ్యే ద్రవం ఉంటుంది. రాసిన కొద్దిసేపటికే అది ఎగిరిపోయి, రంగును పట్టుకున్న రెజిన్ పొర బిగుసుకుంటుంది. టీ తాగినా చెదరకపోవడానికి కారణం ఇదే. కానీ పెదవి మాటకు, నవ్వుకు సాగుతూ ఉంటే ఆ బిగువు పొర చిట్లి, లోపలి అంచున ముక్కలుగా రాలుతుంది. సహజంగా పొడిబారే పెదవులకు ఇది రోజూ పనికొచ్చేది కాదు. చెదరని రంగు కోసం పెదవిని ఎండబెట్టుకోవడం పాత బేరమే. అమెరికా రసాయనవేత్త హేజెల్ బిషప్ 1950లో ముద్దుకూ చెరగదని ప్రచారమైన లిప్‌స్టిక్‌ను తెచ్చింది. పెదవికి మరక పట్టించే అలాంటి రంగులతో చాలామందికి పెదవులు ఎండిపోయాయి.

గ్లాసీ రకం చల్లగా, హాయిగా అనిపిస్తుంది కాబట్టి పొడి పెదవులకు అదే మందు అనుకోవడం సులభం. నూనె పొర ఉన్నంతసేపు తేమ పోకుండా కాస్త ఆపుతుంది, అంతవరకు నిజమే. కొన్ని గ్లాసుల్లో పెదవి ఉబ్బినట్లు కనిపించడానికి పుదీనా నూనె, మెంథాల్, దాల్చినచెక్క నూనె కలుపుతారు. ఆ చురుకుదనం పగిలిన పెదవికి మంట పుట్టిస్తుంది. సువాసన కోసం కలిపినవి కూడా కొందరికి పడవు.

రోజువారీ వాడకానికి శాటిన్‌దే మొదటి స్థానం. కొనేటప్పుడు డబ్బా మీది పదార్థాల పట్టీ చూస్తే కొంత తెలుస్తుంది. సాధారణంగా ఎక్కువ ఉన్నది ముందు రాస్తారు. ఆముదం, మైనాలు మొదట్లో ఉంటే కడ్డీ మెత్తనిది కావచ్చు. ఐసోడోడెకేన్ మొదట్లో ఉంటే బిగుసుకునే రకం. అరచేతి వెనక ఒక గీత గీసి, అయిదు నిమిషాలాగి, పిడికిలి ముడిచి విప్పి చూడాలి. గీత చిట్లితే పెదవి మీదా అలాగే చిట్లుతుంది.

డిసెంబరులో ఆదిలాబాద్‌లో సాయంత్రం పెళ్లికి వెళ్లే మహిళను ఉదాహరణగా తీసుకుందాం. అక్కడి చలికి పెదవులు ముందే పొలుసులు లేచి ఉంటాయి. ముందు రోజు రాత్రే పెట్రోలియం జెల్లీని దట్టంగా పట్టించి పడుకోవాలి. ఉదయం గోరువెచ్చని నీటిలో ముంచిన మెత్తని గుడ్డను ఒక నిమిషం పెదవులపై ఆనించి, వదులైన పొలుసులను మాత్రమే నెమ్మదిగా తుడవాలి. చక్కెర వేసి రుద్దితే పచ్చి చర్మం బయటపడుతుంది, అటువంటి దానిమీద ఏ రంగైనా మండుతుంది. బయలుదేరే ముందు లిప్‌బామ్ రాసి పదిహేను నిమిషాలు ఆగి, పైన మిగిలిన జిడ్డును టిష్యూతో అద్దాలి. తర్వాత అదే రంగు లైనర్‌తో అంచు గీసి, శాటిన్‌ను పలచగా ఒకసారి రాసి, టిష్యూతో అద్ది, రెండోసారి పలచగా రాయాలి. ఇలా వేస్తే రంగు చాలాసేపు నిలుస్తుంది. నెయ్యి, నూనె ఎక్కువున్న భోజనం తర్వాత మధ్యభాగం పోవడం సహజం. అప్పుడు మిగిలినదాన్ని తుడిచి మళ్లీ రాయాలి, దానిమీదే పొరలు పెంచితే ముద్ద కడుతుంది. మ్యాటే కావాలనుకుంటే ద్రవ మ్యాట్ బదులు కడ్డీ మ్యాట్‌ను ఎంచుకోవచ్చు. ద్రవ మ్యాట్ కింద బామ్ జిడ్డు మిగిలితే పొర సరిగా అతకక ఊడిపోతుంది. జిడ్డు లేకుండా రాస్తే పెదవి ఎండుతుంది.

రాత్రి రంగు తీయడానికి కొబ్బరినూనె చుక్క రాసి అర నిమిషం ఆగి తుడిస్తే సరిపోతుంది. పాత లిప్‌స్టిక్ నుంచి ముక్కిపోయిన నూనె వాసన వస్తే దాన్ని పారేయాలి. పెదవి చీలి రక్తం వస్తున్నా, మూలలు పగిలినా, లిప్‌స్టిక్ రాసిన ప్రతిసారీ దురద, మంట, వాపు వచ్చినా ఏ రకమూ వేయకుండా కొన్నాళ్లు పెట్రోలియం జెల్లీ ఒక్కటే వాడాలి. రెండు మూడు వారాలైనా మానకపోతే, ముఖ్యంగా కింది పెదవిపై ఒకే చోట గరుకుగా తెల్లని మచ్చ నిలిచిపోతే, చర్మవైద్యునికి చూపించాలి.